లోగో లేని స్పాన్సర్లు

షట్టరు సగమే ఎత్తి, నడుము వంచి దుకాణంలోకి దూరబోతున్నాను. వెనకనుంచి ఒక ఆడపిల్ల గొంతు.

"చిన్నాయనా, మా ఫెస్ట్‌కు స్పాన్సర్‌షిప్ ఇస్తారా?"

తిరిగి చూస్తే ముగ్గురు పిల్లలు. మెడలో కాలేజీ కార్డులు, చేతుల్లో రంగుల కాగితాలు. మార్కాపురంలో ఫ్లెక్సీలు కొట్టే దుకాణం నాది. పుట్టినరోజులు, పెద్దకర్మలు, ఓణీల ఫంక్షన్లు, నాయకుల రాకలు, అన్నీ నా మిషను మీదుగానే జరుగుతాయి. ఎనిమిదో తరగతిలో నేనూ చదువూ ఒకరికొకరం నమస్కారం పెట్టుకుని విడిపోయాం. ఆ మాత్రం మర్యాద మా ఇద్దరికీ ఉండేది. అందుకే ఇంజనీరింగ్ పిల్లలు వచ్చి నన్ను ఏదైనా అడిగితే లోపల కొంచెం గర్వంగానే ఉంటుంది. కానీ ఆ పొద్దు ఇంకా బోణీ కాలేదు.

"బోణీ కాకముందే చెయ్యి చాపితే ఎట్ల పాపా? లక్ష్మి లోపలికి రాకముందే బయటికి తోలమంటావా?"

ఆ పిల్ల నాలుక కరుచుకుంది. "మాకు మొదటి రెండు పీరియడ్లకే పర్మిషన్ ఇచ్చినారు చిన్నాయనా. అందుకే పొద్దున్నే బయల్దేరినాం."

"ఎన్ని దుకాణాలు తిరిగినారు?"

"ఈ వరుసంతా."

"ఏమన్నారు?"

పక్కనున్న పిల్లోడు అందుకున్నాడు. "ఒకాయన నీళ్లు చల్లినాడన్నా. మా మీద కాదులే, వాకిట్లో. పడింది మాత్రం మా కాళ్ల మీద."

నవ్వొచ్చింది. లోపలికి పిలిచి స్టూళ్లు వేశాను. ఆ పిల్ల మూడో సంవత్సరం చదువుతోంది, ఫెస్ట్ మొత్తానికి స్టూడెంట్ కోఆర్డినేటరు. వాళ్లది వెలిగండ్ల పక్క పల్లె, ఇంట్లో గొర్రెలు. నీళ్లు పడిన పిల్లోడు డిజైన్ కమిటీ. మూడోవాడు ఈవెంట్స్ కమిటీ, ఏ పోటీ ఎప్పుడు, ఏ గదిలో అన్నది వాడి పని. ఇవి కాక రిజిస్ట్రేషన్‌కు ఒక కమిటీ, భోజనాలకూ బసకూ ఒక కమిటీ, వేదికకు ఒక కమిటీ. మా వీధి వినాయకుడి పందిరికి కమిటీలో ఇద్దరే ఉంటారు, ఆ ఇద్దరూ మాట్లాడుకోరు. నాకు ఆశ్చర్యంగా ఉండదా మరి?

ఆ పిల్ల ల్యాప్‌టాప్ తెరిచి చూపించింది. పై వరుసలో వారాలు, పక్కన పనులు, మధ్యలో అడ్డంగా రంగు రంగుల పట్టీలు. ఏ పని ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగియాలో, ఏది అయితే గానీ ఏది మొదలుకాదో అందులో ఉంది.

"చీర అంచు లాగుంది," అన్నాను.

"ఈ ఎర్ర పట్టీ ఉంది చూడండి, ఇది స్పాన్సర్‌షిప్. ఇది ఆగిపోతే దీని తర్వాతవన్నీ ఆగిపోతాయి."

అసలు సంగతి అప్పుడు చెప్పింది. ఈసారి రెండు రోజుల ఫెస్ట్ పెట్టి, బయటి కాలేజీలను కూడా పిలవాలని వాళ్ల కోరిక. ప్రిన్సిపాల్ ఒక షరతు పెట్టాడు. పెట్టుకున్న టార్గెట్‌లో ముప్పాతిక వంతు రివ్యూ మీటింగ్ నాటికి కాలేజీ ఖాతాలో పడాలి. ఇస్తామన్న మాటలు లెక్కలోకి రావు. పడకపోతే బయటి కాలేజీలకు ఆహ్వానాలు పోవు. ఒక్క రోజుతో, సొంత పిల్లలతోనే సరిపెట్టుకోవాలి. బయటివాళ్లను పిలిచి అన్నం పెట్టలేకపోతే పోయేది కాలేజీ పరువు కాబట్టి, ఆయన మాటలోనూ తప్పు లేదు.

"ఒక్క రోజే అయితే ఏం పోయింది పాపా? ఇంకో రోజు నిద్రపోవచ్చు."

ఆమె నవ్వలేదు. "పోయినేడు మేం వేరే ఊళ్లో ఫెస్ట్‌కు పోయినాం. రిజిస్ట్రేషన్ కాడ ఒకబ్బాయి మా కార్డు చూసి, మార్కాపురమా, ఆడ గూడా ఇంజనీరింగ్ కాలేజీ ఉందా, అన్నాడు. ఎగతాళికి కాదు చిన్నాయనా, నిజంగానే తెలీదు. అందుకే, ఒక్కసారి వాళ్లందరూ ఈడికి రావాల."

రంగుల కాగితం చేతిలోకి తీసుకున్నాను. టైటిల్ స్పాన్సర్, గోల్డ్ స్పాన్సర్, సిల్వర్ స్పాన్సర్ అని ఉంది.

"గోల్డ్ అంటే ఎన్ని సవర్లు?"

"ఇయ్యాల్సింది మీరు చిన్నాయనా, మేం కాదు."

దెబ్బకు దెబ్బ. ఆ పిల్ల నాకు నచ్చింది అప్పుడే.

డిజైన్ పిల్లోడు అడిగాడు. "మీరు చిన్న ఈవెంట్‌కు ఇచ్చినా చాలన్నా. మీ లోగో వాట్సాప్ చేయండి, ఫ్లెక్సీ మీద వేస్తాం."

"నాకు లోగో ఏందబ్బాయ్? నా మొహమే నా లోగో."

నేను నవ్వులాటకే అన్నాను. వాళ్ల ఇబ్బందంతా అందులోనే ఉందని నాకప్పుడు తెలియదు.

తర్వాత వారం వాళ్లు బోణీలయ్యే వేళ చూసుకుని బజారులోకి వచ్చారు. దుకాణదారులు కూర్చోబెట్టి మజ్జిగ కూడా ఇచ్చారట. కానీ మాట అక్కడే ఆగింది. ఎరువుల కొట్టాయన కాగితం తిరగేసి, "ఇంతకీ నా ఫోటో ఏడేస్తారు?" అన్నాడట. బంగారు దుకాణమాయన, "ఫోటో లేకుంటే ఇచ్చినది నేనేనని ఎవరికి తెలుస్తది?" అన్నాడట. పలకల ఫ్యాక్టరీ పెద్దాయన్ను టైటిల్ స్పాన్సర్ అనుకున్నారు. ఆయన ఇంకా వివరంగా, నడిమధ్యలో తన ఫోటో, ఒక పక్క కొడుకుది, ఇంకో పక్క మనవడిది అని చేత్తో గాల్లో కొలిచి మరీ చూపించాడట.

ఆయన్ను తప్పుపట్టను. మా పక్క ఫ్లెక్సీ అంటే మొహమే. దణ్ణం పెడుతూ ఒకటి, చెయ్యి ఊపుతూ ఒకటి. లోగో అంటే మా వాళ్లకు సబ్బు మీద ఉండే బొమ్మ.

పిల్లలు వెళ్లి కన్వీనర్ సారును అడిగారు. ఈ ఫెస్ట్‌ను చూసుకునే లెక్చరరు ఆయనే. మెత్తనివాడు, ఎప్పుడూ రెండు పెన్నులు జేబులో పెట్టుకుని మూడోదాని కోసం వెతుకుతుంటాడు. ఫోటోల మాట వినగానే ఆయన రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"వద్దమ్మా. వెనక ఒకసారి ఫోటోలేసినాం. ఎవరిది పైన, ఎవరిది కింద అని గేటు కాడ ఆ మనుషులూ ఈ మనుషులూ కొట్టుకోబోయినారు. ఫ్లెక్సీని సగానికి చించి ఇద్దరికీ చెరిసగం ఇచ్చినా ఒప్పుకోలేదు. లోగోలు మాత్రమే."

రివ్యూ దగ్గరపడింది. ఒక మధ్యాహ్నం ఆ పిల్ల ఒక్కతే దుకాణానికి వచ్చింది. రోబోలు పరిగెత్తే ట్రాక్ కొట్టించడం పని. తెల్ల ఫ్లెక్సీ మీద వంకర్లు తిరిగిన నల్ల గీత. చక్రాల మీది చిన్న యంత్రం అడుగునున్న సెన్సర్లతో ఆ గీతను పట్టుకుని పోవాలి. మొదట కొట్టింది మెరుస్తోందని, మెరిస్తే సెన్సరు గీతను సరిగా చూడలేదని వెనక్కి తెచ్చింది.

"పెళ్లికూతురికి మెరుపు చాల్లేదంటారు, నీ రోబోకు ఎక్కువైందా?"

ఇంతలో ఆమె ఫోను మోగింది. "ఆ, తిన్నా నాయనా. లేదు, ఇంకా కాలేదు. సరే." పెట్టేసి, ట్రాక్‌ను చుట్ట చుడుతూ చెప్పింది.

"మా నాయన అంటాడు, మనింట్లో ఒకరి కాడికి పోయి చెయ్యి చాపినోళ్లు లేరు, నీకీ పనేందమ్మా అని. ఇది అడుక్కోవడం కాదు, వాళ్ల పేరు పదిమందికి చూపిస్తాం, అందుకు వాళ్లిస్తారు అని నేనేమో చెప్తా. ఇప్పుడు చూపించేదానికి మా కాడ ఏం లేదు."

"నేనొక మాట చెప్పనా? ఫోటోలేసి కొట్టి ఇస్తా. రివ్యూ అయ్యేదాకా సారుకు కనబడనీకు."

"సారు చెప్పింది కరెక్టే చిన్నాయనా. మళ్లా గేటు కాడ కొట్టుకుంటే ఇంకెప్పుడూ ఎవరూ రారు."

ఆ మాటంటూ తలెత్తింది. నా వెనక గోడ మీద ఒక ఫ్రేమ్ ఉంది. ఎప్పుడో ఊళ్లో కబడ్డీ పోటీలకు నేను కప్పు కొనిచ్చాను. గెలిచిన జట్టుకు దాన్ని నా చేత్తోనే ఇప్పించారు. అందులో నేను పొట్ట లోపలికి లాక్కుని, కప్పును కెప్టెన్‌కు ఇస్తున్నానా లాక్కుంటున్నానా తెలియకుండా నిలబడి ఉంటాను.

"అది ఎవరు తీసినారు?"

"ఎవరో కుర్రోడు, ఫోన్లో. నేనే పెద్దది చేసి ఫ్రేమ్ కట్టించుకున్నా. మీ పిన్ని అంటది, మన పెళ్లి ఫోటో బీరువాలో ఉంది, ఆ కబడ్డీ ఫోటో మాత్రం గోడకుందని."

"ఆ పోటీల ఫ్లెక్సీ మీద మీ ఫోటో ఉండిందా?"

ఆలోచించాను. "గుర్తులేదు పాపా. ఫ్లెక్సీ ఎవరికి గుర్తుంటది? మర్నాడు అది గొడ్ల పాక మీద కప్పు అయిపోతది."

ఆ పిల్ల కళ్లు నా మీద లేవు, గోడ మీద ఉన్నాయి. ల్యాప్‌టాప్ తీసి, ఆ పట్టీలున్న పేజీ తెరిచి, చకచకా ఏవో కదపడం మొదలుపెట్టింది. నేనేం గొప్ప సలహా ఇచ్చానో నాకే తెలియలేదు.

ఆమె ఆలోచన ఇది. బహుమతులన్నీ రెండో రోజు సాయంత్రం ముగింపు సభలో ఒకేసారి ఇవ్వాలని ముందు అనుకున్నారు. అట్లా కాకుండా, ఏ పోటీ బహుమతి ఆ పోటీ అవగానే, ఆ గదిలోనే ఇచ్చేయాలి. ఒక్కో పోటీకి ఒక్కో స్పాన్సరు. ఆయనే వచ్చి తన చేత్తో ఇస్తాడు. కాలేజీ ఫోటో తీసి ఆయనకు పంపుతుంది. ఫ్లెక్సీ మీద పేర్లు మాత్రం అందరివీ ఒకే సైజులో ఉంటాయి. మొహాలు ఉండవు. ఒక గదిలో ఒకాయనే ఉంటే ఎవరిది పైన, ఎవరిది కింద అన్న గొడవ ఎక్కడిది?

సారు ఒప్పుకున్నాడు. కానీ ఈవెంట్స్ పిల్లోడు లబోదిబోమన్నాడు. ఎందుకంటే ఆమె ప్రతి దుకాణానికీ పోయి ఒక్క ప్రశ్నే వేసింది, "పెదనాయనా, మీరు గల్లాపెట్టె వదిలి రాగలిగేది ఏ టైములో?" అని. ఎరువుల కొట్టాయన, పల్లెల వాళ్లు సరుకు తీసుకుని బస్సులెక్కాక, అంటే మధ్యాహ్నం భోజనం దాటాక అన్నాడు. బంగారు దుకాణమాయన పొద్దున్నే, బేరాలు మొదలుకాకముందు అన్నాడు. పలకల పెద్దాయన రెండో రోజు సాయంత్రం పూట అన్నాడు. వాళ్ల వీలునుబట్టి షెడ్యూల్ తలకిందులైంది.

ఈవెంట్స్ పిల్లోడు నా దుకాణంలోనే ఆమెతో గొడవకు దిగాడు. "ఆ గీత మీద పోయే రోబోల పోటీ, లైన్ ఫాలోయర్ ఫైనల్ సాయంత్రం పెడితే ఎట్లక్కా? సెమినార్ హాలు కిటికీలు పడమటి వైపు. ఎండ నేరుగా ట్రాక్ మీద పడుతది. ఎండలో సెన్సర్లు పిచ్చెక్కి తిరుగుతాయి."

"పొద్దున పెట్టుకుంటే సెన్సర్లు బాగుంటాయి, దానికి స్పాన్సరు పలకల పెద్దాయన ఉండడు."

"కిటికీలకు కర్టెన్లు కొనే డబ్బుల్లేవు."

ఇద్దరూ నా వైపు చూశారు. నా వెనక గదిలో పాతవీ, తప్పు పడినవీ, తీసుకుపోని ఫ్లెక్సీలు గుట్టలుగా ఉంటాయి, వెనక నల్లరంగు ఉన్న రకం. వెలుతురు చొరదు. "తీసుకుపోండి. నాకూ గది ఖాళీ అవుతది," అన్నాను.

రివ్యూ నాడు నేను పనిలో ఉన్నానే కానీ ఫోను వైపే చూస్తున్నాను. పొద్దుగూకే ముందు ఆమె నడిచే వచ్చింది. మొహం చూసి అర్థం చేసుకుందామంటే, అలసట తప్ప ఏమీ లేదు.

"ఏమైంది?"

"ఎర్ర పట్టీ పచ్చగా చేసినా చిన్నాయనా."

టైటిల్ స్పాన్సర్‌గా పలకల పెద్దాయన కూడా డబ్బు వేసేశాడు, కాలేజీ ఖాతాలోనే. పైగా గెలిచినవాళ్లకు కప్పులు వద్దు, నేనే పలకలు చెక్కించి ఇస్తా అన్నాడట, మార్కాపురం పేరు అందరి ఇళ్లలో ఉండాలని. మర్నాడే బయటి కాలేజీలకు ఆహ్వానాలు పోయాయి. నేను కూడా ఒక చిన్న పోటీకి స్పాన్సర్‌నయ్యాను, పోస్టర్ల పోటీ. మొహం లేకుండా నా దుకాణం పేరును నేనే కొట్టుకున్నాను. అక్షరాలు మిగతావాటి కంటే పెద్దవి చేద్దామని మౌస్ దాకా చెయ్యి పోయింది కానీ, గేటు దగ్గరి కొట్లాట గుర్తొచ్చి మానేశాను.

ఫెస్ట్ మొదటి రోజు సజావుగా జరిగింది. నంద్యాల వైపు నుంచి, ఒంగోలు వైపు నుంచి పిల్లలు వచ్చారు. రిజిస్ట్రేషన్ బల్ల దగ్గర ఆమె ఒక్కొక్కరి కార్డూ చూసి, వాళ్ల ఊరి పేరు పైకి చదివి మరీ నమస్కారం పెట్టింది. బంగారు దుకాణమాయన పొద్దున్నే వచ్చి బహుమతి ఇచ్చి, ఫోటోలో సగం కళ్లు మూసుకున్నానని రెండోసారి, మూడోసారి కూడా ఇచ్చాడు. గెలిచిన పిల్ల మూడుసార్లూ ఓపిగ్గా తీసుకుంది.

రెండో రోజు సాయంత్రం వచ్చింది అసలు చిక్కు.

సెమినార్ హాలు కిటికీలకు నా పాత ఫ్లెక్సీలు కట్టారు. నలుపు లోపలికి, బొమ్మలు బయటికి. కాలేజీ ఆవరణలో నడిచేవాళ్లకు ఎవరి పిల్లల పుట్టినరోజులో, ఎవరి ఓణీల ఫంక్షన్లో వరసగా కనబడుతున్నాయి. సారు చూసి, "మొహాలొద్దంటే ఇన్ని మొహాలేందయ్యా!" అని నెత్తి పట్టుకుని, తర్వాత నవ్వేశాడు. లోపల చీకటి, లైట్ల కింద ట్రాక్. నంద్యాల పిల్లల యంత్రం ఒక్క వంకర దగ్గరా తడబడకుండా గీత వెంట పోయి గెలిచింది. హాలు మొత్తం అరిచింది.

బహుమతి ఇవ్వాల్సిన పలకల పెద్దాయన రాలేదు. ఆ పోటీకి చెక్కించిన పలక కూడా ఆయన దగ్గరే ఉంది.

గెలిచిన పిల్లలకు మార్కాపురం రోడ్ స్టేషన్‌లో రైలుంది. వాళ్లు ఒకసారి గడియారం వైపు, ఒకసారి తలుపు వైపు చూస్తున్నారు. ఆమె ఫోను చేసింది, ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఈసారి ఎత్తాడు. స్పీకర్లో పెట్టకపోయినా ఆయన గొంతు మాకు వినబడింది.

"వస్తుండా తల్లీ! ఫోటో కదా అని మీసానికి రంగేయించుకుంటి. ఇంకా ఆరలేదు. ఇప్పుడు వస్తే ముక్కుకు అంటుకుంటదంటాడు మంగలి!"

ఈవెంట్స్ పిల్లోడు, "సారు చేత ఉత్త సర్టిఫికెట్ ఇప్పించేద్దాం అక్కా. వాళ్లకు రైలు పోతది," అన్నాడు.

"ఆయన వచ్చి ఉత్త హాలు చూస్తే?"

"వాళ్లు రైలు పోగొట్టుకుంటే?"

ఆమె ఒక్క క్షణం కళ్లు మూసుకుంది. అంతమందిని ఎక్కడికి రప్పించాలని ఆరాటపడిందో అక్కడికి వచ్చారు. మార్కాపురం అంటే వాళ్లకు ఏది గుర్తుండిపోతుందో ఇప్పుడు తేలాలి. కళ్లు తెరిచి పనులు పంచింది. బస కమిటీ వాళ్ల సామాను ఇప్పుడే ఆటోల్లో సర్దాలి. డిజైన్ పిల్లోడు బండి మీద మంగలి షాపుకు పోయి, మీసం ఆరినా ఆరకపోయినా ఆయన్ను ఎక్కించుకుని రావాలి. చివరికి నా వైపు తిరిగింది.

"చిన్నాయనా, పోస్టర్ల ఫలితం ఇప్పుడే వచ్చింది, మీ ప్రైజు ఈడనే ఇచ్చేయండి. ఇచ్చి, మాట్లాడండి."

"ఏం మాట్లాడాల?"

"మిమ్మల్ని ఎవరన్నా ఎప్పుడన్నా ఆ ప్రశ్న అడిగినారా?"

పోస్టర్ల బహుమతి ఇచ్చాను, మైకు చేతికొచ్చింది. హాలంతా ఇంజనీర్లు. "నేను ఎనిమిదితో ఆపేసినోడిని. మీ పోస్టర్లలో నాకు తెలిసింది ఒక్కటే, రంగులు బాగా పడినాయి," అన్నాను. నవ్వారు. నవ్వితే నాకు ఊపిరొస్తుంది. ఎద్దు పుట్టినరోజుకు ఫ్లెక్సీ కొట్టమని వచ్చి, అది దణ్ణం పెడుతున్నట్లు ఉండాలన్న రైతు కథ చెప్పాను. "రెండు కాళ్లెత్తి దణ్ణం పెడితే మీ ఎద్దు నడ్డి విరుగుతది మామా అంటే, అయితే తల వంచినట్లు కొట్టు, అది బాగా పద్ధతైన ఎద్దు, అన్నాడు." నంద్యాల పిల్లలు గడియారం చూడటం మానేశారు. ఇంకోటి చెప్పాను. మూడోది మొదలుపెట్టబోతుండగా తలుపు తెరుచుకుంది.

పెద్దాయన వచ్చాడు. తెల్ల పంచె, తళతళలాడే నల్ల మీసం, ముక్కు కింద కాస్త మరక. చంకలో గుడ్డలో చుట్టిన పలక. వెనక మనవడు. దారంతా పరుగెత్తినట్లు రొప్పుతూ, నేరుగా గెలిచిన పిల్లల దగ్గరికి పోయి పలక విప్పాడు. నున్నగా రుద్దిన నల్లరాయి మీద ఫెస్ట్ పేరు, కింద ఊరి పేరు.

"ఇది మా మట్టిలోది నాయనా. మీ తాతలు ఓనమాలు దిద్దింది దీని మీదే. రైలుకు లేటయితే చెప్పండి, నా జీపుంది."

ఫోటో తీశారు. పిల్లలు ఆటోల్లోకి దూకారు. వాళ్లలో ఒకడు వెనక్కి వంగి ఆమెతో, "అక్కా, వచ్చే సంవత్సరం డేట్లు ముందే పంపండి," అని అరిచాడు. ఆమె చెయ్యెత్తి ఊపింది. రైలు అందిందని కొంచెంసేపటికి ఫోను వచ్చింది. అప్పుడు పోయి ఆమె అన్నం తిన్నది. తింటూ వాళ్ల నాయనకు ఫోను చేసింది. "చెయ్యి చాపలేదు నాయనా, వాళ్లే ఇచ్చినారు, వాళ్లే వచ్చినారు," అంటోంది.

ఆ తర్వాత నెల రోజులు నాకు ఫ్రేముల బేరమే. ఎరువుల కొట్లో ఒకటి, బంగారు దుకాణంలో ఒకటి, పలకల ఫ్యాక్టరీ ఆఫీసులో తలుపంత ఒకటి. మీసం కింది మరకను తీసేయమంటావా పెద్దాయనా అని అడిగితే, ఉండనీ, ఆ రోజు ఎంత తొందరగా వచ్చినానో తెలుస్తది, అన్నాడు.

మరుసటి ఏడు ఆ పిల్ల నాలుగో సంవత్సరంలో ఉంది, కోఆర్డినేటరు పని జూనియర్లకు అప్పజెప్పింది. వాళ్లింకా కమిటీలు వేసుకుంటున్న రోజుల్లోనే, ఒక పొద్దున నేను షట్టరు సగం ఎత్తి నడుము వంచాను. వెనకనుంచి పలకల పెద్దాయన గొంతు.

"ఏమబ్బాయ్, కాలేజీ పిల్లోళ్ల పండగ ఎప్పుడంట? ఈసారి పొద్దుటి పూట ఇయ్యమను, మీసం ముందురోజే వేయించుకుంటా."

"ఇంకా బోణీ కాలేదు పెద్దాయనా," అన్నాను.

"అయితే ఆ పాప నంబరియ్యి. నేనే అడుగుతా."